గురువారం రాత్రి పెళ్లికి వీక్‌డే తగ్గింపు వర్తిస్తుందా?

ప్రశ్న: మా ఊళ్లో ఒక ఫంక్షన్ హాల్ యజమాని ఫేస్‌బుక్‌లో పోస్ట్ పెట్టారు. సోమవారం నుంచి గురువారం వరకు బుక్ చేసుకునే కుటుంబాలకు అద్దెలో 40 శాతం తగ్గింపు అట. లక్షా యాభై వేల హాలు తొంభై వేలకే వస్తుందని, ఈ నెలాఖరులోపు అడ్వాన్స్ కట్టినవాళ్లకే అని రాశారు. చివర్లో ‘షరతులు వర్తిస్తాయి’ అని ఉంది. వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. ముహూర్తం గురువారం రాత్రి 3 గంటల 12 నిమిషాలకు, తెల్లవారితే శుక్రవారం. పోస్టులో ఉన్న నంబరుకు ఇరవై అయిదు వేలు ఫోన్‌పే చేసేద్దామని మావారు అంటున్నారు. నాకేమో తొందరపడుతున్నామేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, తెనాలి

సమాధానం: అమ్మా, రెండు రోజులు ఆగండి. ఆ రెండు రోజుల్లో ఒకసారి హాలుకు వెళ్లి రండి. నేను పదకొండేళ్లు ఒక కల్యాణ మండపంలో మేనేజరుగా చేశాను. ఇలాంటి ప్రకటనలు ఎందుకు వేస్తారో, ఎక్కడ తేడా వస్తుందో కౌంటరుకు అవతలి వైపు కూర్చుని చూసినవాణ్ణి. ఆ యజమాని మిమ్మల్ని మోసం చేస్తున్నాడని అనడం లేదు. కాకపోతే ఆ పోస్ట్ మీ పెళ్లిని దృష్టిలో పెట్టుకుని రాసింది కాకపోవచ్చు.

మన పెళ్లిళ్లకు వారం కాదు, ముహూర్తం ముఖ్యం. ఆదివారమైతే అందరికీ సెలవు కదా అని ఎవరూ ఆదివారం పెళ్లి పెట్టుకోరు. పంతులుగారు బుధవారం రాత్రి బాగుందంటే బుధవారమే చేస్తాం. మంగళవారం మాత్రం చాలామంది పెట్టుకోరు. అందుకే మంచి ముహూర్తం ఉన్న గురువారానికి హాలు యజమాని పైసా తగ్గించాల్సిన అవసరం లేదు. ఆ ఒక్క రాత్రికి ఊళ్లో హాళ్లన్నీ నిండిపోతాయి. ఆయన్ని కలవరపెట్టేవి ఖాళీ రోజులు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, గురు శుక్ర మూఢాలు, ఇవి కాక అధిక మాసం. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. వేసవి సెలవుల్లో, మామూలుగా హాళ్లు కిటకిటలాడే రోజుల్లో, నెలరోజులు పెళ్లిళ్లు లేవు. వాచ్‌మన్ జీతం, బ్యాంకు వాయిదా, ఆస్తిపన్ను మాత్రం ఆగవు. ఆ ఖాళీల్ని పుట్టినరోజులతో, ఓణీల ఫంక్షన్లతో, రిసెప్షన్లతో, పంచాంగం చూడనివాళ్ల పెళ్లిళ్లతో నింపుకోవడానికే వీక్‌డే తగ్గింపు పుట్టింది. నేను చూసినంతలో ‘షరతులు వర్తిస్తాయి’ అన్న మాట వెనుక మొదటి షరతు ఇదే: ముహూర్తపు రోజులకు వర్తించదు.

కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అద్దె ఎంత అని కాదు. ‘ఫలానా తేదీ రాత్రికి ఈ తగ్గింపు ఉందా?’ అని తేదీ చెప్పి అడగండి. ఫోన్లో అడిగితే ‘ఉందమ్మా, రండి’ అంటారు. వాట్సాప్‌లో రాసి, జవాబు కూడా అక్కడే రాయించుకోండి.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. శుభలేఖలో గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం అని వేస్తారు. మన లెక్కలో సూర్యోదయం దాకా గురువారమే. హాలు రిజిస్టరులో మాత్రం 3 గంటల 12 నిమిషాలు శుక్రవారం కిందికి వస్తుంది. పోస్టులో తగ్గింపు గురువారం వరకే. నేను పనిచేసిన చోట ఇదే విషయంలో ఒక ఆడపెళ్లివారితో అప్పగింతల వేళ గొడవైంది. వాళ్లు గురువారం అద్దె కట్టామన్నారు. మా యజమాని శుక్రవారం ఉదయం పది దాకా హాలు వాడుకున్నారు కాబట్టి ఆ పూటకు వేరే అద్దె కట్టాలన్నారు. రసీదు మీద తేదీ ఒక్కటే ఉంది, గంటలు లేవు. పెళ్లికూతురు కన్నీళ్లతో కారెక్కుతుంటే తండ్రి ఆఫీసు గదిలో నిలబడి డబ్బు లెక్కపెట్టారు. ఆ రసీదు రాసింది నేనే. గంటలు వేయాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ గంటలు వేయకుండా రసీదు ఇవ్వలేదు.

మీ పెళ్లి ఎన్ని గంటలో ఒకసారి లెక్క వేసుకోండి. డెకరేషన్ వాళ్లు మండపం కట్టడానికి అయిదారు గంటలు పడుతుంది, అంటే గురువారం పొద్దున్నే లోపలికి రావాలి. వంటవాళ్లు మధ్యాహ్నానికి పొయ్యి వెలిగిస్తారు. సాయంత్రం ఎదురుకోలు, స్నాతకం, గౌరీపూజ. రాత్రి ఏడు నుంచి పది దాకా భోజనాలు. 3.12కి జీలకర్ర బెల్లం, ఆ తర్వాత మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది, అప్పగింతలు. ఎంత త్వరగా కానిచ్చినా తెల్లారి ఆరున్నర దాటుతుంది. చుట్టాలు స్నానాలు చేసి టిఫిన్లు తిని బయల్దేరేసరికి తొమ్మిది. అంటే మీకు గురువారం ఉదయం 7 నుంచి శుక్రవారం ఉదయం 10 దాకా, 27 గంటలు హాలు కావాలి. హాలువాళ్ల ‘ఒక రోజు’ ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 వరకే అయితే, అప్పగింతలు జరుగుతుండగానే చీపుళ్లతో మనుషులు వస్తారు. శుక్రవారం రాత్రి కూడా ముహూర్తం ఉంటే రెండో పార్టీ డెకరేషన్ లారీ గేటు ముందు నిలబడి ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. నలభై శాతం అన్నది అద్దె మీద మాత్రమే. హాలు బిల్లులో అద్దె ఒక వరుస, దాని కింద ఇంకా చాలా వరుసలుంటాయి. మా పిన్ని కొడుకు కూతురి పెళ్లికి పోయిన మాఘంలో ఇలాగే రెండు హాళ్లు చూశాం. ఆ రెండింటి లెక్క నోటుపుస్తకంలో ఇంకా ఉంది, మీకు పనికొస్తుందని చెబుతున్నాను.

మొదటి హాలువాళ్లు తగ్గింపు పోను తొంభై వేలన్నారు. రెండో హాలువాళ్లు ఏ తగ్గింపూ లేకుండా లక్షా ముప్పై వేలు. చూడగానే నలభై వేలు తేడా, మా తమ్ముడు మొదటిదానికే మొగ్గాడు. కూర్చుని ఒక్కో వరుసా అడిగాం. అద్దె మీద జీఎస్టీ 18 శాతం రెండు చోట్లా ఉంది. అక్కడ 16,200, ఇక్కడ 23,400. కరెంటు మీటరు రీడింగ్ ప్రకారం కట్టాలి. మొదటి హాలులో యూనిట్ 25 రూపాయలు, రెండో హాలులో 15. నలభై టన్నుల ఏసీ గంటకు దాదాపు యాభై యూనిట్లు లాగేస్తుంది. దీపాలు, వంటశాల మోటార్లు కలిపి ఒక రాత్రి పెళ్లికి 700 యూనిట్లు అనుకున్నాం. అక్కడ 17,500, ఇక్కడ 10,500. జనరేటరు రెండు గంటలు నడుస్తుందనుకుంటే, మొదటివాళ్లు గంటకు 3,000 చొప్పున ఆరు వేలన్నారు. రెండోవాళ్లు డీజిల్ ఖర్చు మాత్రమే అన్నారు. ఆ సైజు జనరేటరు గంటకు ఇరవై లీటర్ల దాకా తాగుతుంది, నాలుగు వేలు వేసుకున్నాం.

అసలు తేడా ఆ తర్వాతి వరుసల్లో బయటపడింది. మొదటి హాలులో శుభ్రం చేసినందుకు 12,000. బయటి వంట మాస్టర్ని తెచ్చుకుంటే వంటశాల చార్జీ 20,000. గదులు నాలుగే ఇస్తారు, మాకు పది కావాలి, మిగతా ఆరింటికి 1,500 చొప్పున తొమ్మిది వేలు. అన్నిటికన్నా పెద్దది డెకరేషన్. వాళ్ల మనిషితోనే చేయించుకోవాలి, తక్కువలో తక్కువ 85,000. అదే పూలు, అదే మండపం మాకు తెలిసిన అబ్బాయి 60,000కి చేస్తానన్నాడు. రెండో హాలులో శుభ్రం ఖర్చు అద్దెలోనే ఉంది, వంటవాళ్లకు చార్జీ లేదు, ఎనిమిది గదులు ఇచ్చారు, ఇంకో రెండింటికి మూడు వేలు. డెకరేషన్ మన ఇష్టం. అన్నీ కూడితే మొదటి హాలు 2,55,700, రెండోది 2,30,900. తక్కువ అద్దె చెప్పిన హాలు 24,800 ఎక్కువైంది. పన్ను కూడా మేం అద్దె మీదే వేసి చూశాం. ఇతర చార్జీలకూ వేస్తే ఆ తేడా ఇంకా పెరిగేది.

మీ ఊరి హాలు కూడా ఇలాగే ఉంటుందని కాదు. తొంభై వేలకు అన్నీ సవ్యంగా ఇచ్చే యజమానులూ ఉన్నారు, వాళ్ల దగ్గర ఇది నిజంగా మంచి బేరం. తేలేది మాత్రం కరెంటు యూనిట్ ధర, డెకరేషన్ ఎవరిది, వంట ఎవరిది అన్న మూడు చోట్లే. ఈ మూడూ పోస్టులో ఉండవు. తగ్గించి ఇచ్చే రోజుల్లో యజమాని డబ్బు రాబట్టుకునేది ఎక్కువగా ఇక్కడే, ముఖ్యంగా డెకరేషన్‌లో.

లక్షా యాభై వేలన్న అసలు అద్దె నిజమేనా అన్నది కూడా చూడండి. అదే పేజీలో కిందికి వెళ్లి నిరుటి పోస్టులు చదవండి, కామెంట్లలో ఎవరో ఒకరు అద్దె అడిగే ఉంటారు. నిరుడు అక్కడ పెళ్లి చేసిన కుటుంబం మీ వీధిలోనో, మీ బంధువుల్లోనో దొరుకుతుంది. వాళ్లు ఒక లక్షా పది వేలు కట్టామంటే, మీకు తగ్గుతున్నది నలభై శాతం కాదు, ఇరవై వేలు. వాళ్ల ఫైనల్ బిల్లు దొరికితే ఇంకా మంచిది. ఏ వరుసలు పడతాయో అందులో కనబడతాయి.

ఇప్పుడు మీవారు అన్న ఫోన్‌పే సంగతి. పోస్టులోని నంబరుకు నేరుగా పంపకండి. పేరున్న హాళ్ల ఫొటోలు తీసుకుని దొంగ పేజీలు పెట్టి అడ్వాన్సులు వసూలు చేసేవాళ్లున్నారు. ‘నెలాఖరులోపు’ అన్న తొందర వాళ్లకు బాగా కలిసొస్తుంది. పేజీలో Page transparency అనే చోట నొక్కితే ఆ పేజీ ఎప్పుడు మొదలైందో, పేరు మార్చారో లేదో కనబడుతుంది. ఎనిమిదేళ్లుగా ఉన్న హాలుకు రెండు నెలల వయసున్న పేజీ ఉంటే అనుమానించాల్సిందే. ఎలాగూ హాలుకు వెళ్తారు కదా, అక్కడి ఆఫీసులోనే కట్టండి. ఫోన్‌పే చేసినా, పంపే ముందు తెరమీద వచ్చే ఖాతాదారు పేరు హాలుదో యజమానిదో అయి ఉండాలి. వేరే పేరు వస్తే అక్కడే అడగండి.

జీఎస్టీ తీసుకుంటే బిల్లు మీద వాళ్ల 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. నంబరు లేనివాళ్లకు పన్ను వసూలు చేసే హక్కు లేదు. ‘బిల్లు లేకుండా అయితే పన్ను తగ్గిస్తాం’ అంటారు కొందరు. ఒప్పుకోవద్దని నా మాట. రేపు తేడా వస్తే మీ చేతిలో కాగితం ఉండదు.

బేరం ఎలా ఆడాలో చెప్తాను, ఇది నాకు బాగా తెలిసిన పని. ముహూర్తపు రాత్రికి తగ్గింపు లేదన్నారనుకోండి, అద్దె తగ్గించమని పట్టుబట్టి లాభం లేదు. ఆయనకు ఇంకో పార్టీ వస్తుంది. గంటలు అడగండి. బుధవారం ఆయనకు బుకింగ్ లేకపోతే హాలు ఖాళీగానే ఉంటుంది. బుధవారం సాయంత్రం నుంచే డెకరేషన్ వాళ్లను రానివ్వమని, మీ విడిది గదుల్లో రెండింటి తాళాలు ముందు రోజే ఇమ్మని అడగండి. దానివల్ల ఆయనకు అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు, ఒప్పుకుంటారు. మీకు మాత్రం పెద్ద లాభం. ముందురాత్రే మండపం కట్టేస్తే గురువారం పొద్దున హడావుడి ఉండదు. అలాగే కరెంటు యూనిట్ ధర మీద అయిదు రూపాయలు తగ్గించమని అడిగితే ఇస్తారు. అద్దె తగ్గిస్తే నలుగురికీ తెలిసిపోతుందని యజమానికి భయం, యూనిట్ ధర గురించి ఎవరూ బయట చెప్పుకోరు.

తగ్గింపును పూర్తిగా వదులుకోనక్కర్లేదు కూడా. రిసెప్షన్‌కు ముహూర్తం పట్టింపు తక్కువ. మగపెళ్లివారు మీ ఊరివాళ్లే అయితే, లేదా మీరే ఊళ్లో విందు ఇవ్వాలనుకుంటే, తర్వాతి వారం ముహూర్తం లేని సోమవారమో బుధవారమో ఆ తొంభై వేల ధర నిజంగా వర్తిస్తుంది. రెండు బుకింగులూ మీకే ఇస్తామని చెబితే పెళ్లిరాత్రి అద్దె మీద కూడా ఎంతో కొంత దిగుతారు. ఒక్కటి గుర్తుంచుకోండి: పని దినాల్లో హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు తగ్గుతారు. ఊళ్లోవాళ్లు రాత్రి భోజనానికి వస్తారు కానీ తొమ్మిదిన్నరకే వెళ్లిపోతారు. మీ పెళ్లికీ అంతే. రాత్రి భోజనాలకు ఆరువందలమంది వచ్చినా, మూడు గంటల ముహూర్తానికి మిగిలేది దగ్గరివాళ్లు వందమంది. పొద్దుటి టిఫిన్లు నూట ఇరవైకి మించి చెప్పకండి.

అడ్వాన్స్ కట్టేటప్పుడు రసీదు ఎలా ఉండాలో మీరే రాసుకుని తీసుకెళ్లండి. ఇలా ఉంటే చాలు:

‘ఫలానా తేదీ గురువారం ఉదయం 7 గంటల నుంచి ఫలానా తేదీ శుక్రవారం ఉదయం 10 గంటల వరకు, గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం 3.12 ముహూర్తపు వివాహానికి. అద్దె ఇంత, అందులో తగ్గింపు ఇంత, జీఎస్టీ ఇంత. కరెంటు యూనిట్ ఇంత, మీటరు ఇద్దరి ఎదుట చూడాలి. జనరేటరు ఇంత. గదులు ఇన్ని. శుభ్రం ఖర్చు ఉంది లేదా లేదు. డెకరేషన్, వంట మా మనుషులతో చేసుకోవచ్చు, చార్జీ లేదు. ఇవి తప్ప వేరే చార్జీలు లేవు. అడ్వాన్స్ ఇంత ముట్టింది.’

చివర ఇంకో వాక్యం కలపండి, మనసు ఒప్పకపోయినా కలపాలి. ఏ ఇంట్లోనైనా మైల వస్తే పెళ్లి వాయిదా పడుతుంది. తగ్గింపు బుకింగుల్లో చాలామంది ‘అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు, తేదీ మార్చబడదు’ అని రాస్తారు. తిరిగి ఇవ్వకపోయినా, ఆరునెలల్లోపు ఖాళీగా ఉన్న ఇంకో తేదీకి అదే అడ్వాన్స్ సర్దుబాటు చేస్తామని రాయించండి. నేను మేనేజరుగా ఉండగా మర్యాదగా అడిగిన ఏ కుటుంబానికీ మా యజమాని దీన్ని కాదనలేదు. అడ్వాన్స్ కట్టేశాక అడిగినవాళ్లతోనే పేచీ వచ్చేది.

రసీదులో రాసింది ఒకటి, బిల్లులో వేసింది ఒకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. మీరు కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపయితే అక్కడ ఫీజు లేదు. రెండు చోట్లా మొదట అడిగేది ఆ రసీదే.

యజమాని మీ తేదీకి తగ్గింపు ఉందని వాట్సాప్‌లో రాసి, పై కాగితం మీద సంతకం పెడితే నెలాఖరు దాకా కూడా ఆగకండి, అదే రోజు కట్టేయండి. మాఘం ముహూర్తాలకు హాళ్లు దొరకడం కష్టం. ‘షరతులన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు అడ్వాన్స్ వేయండి’ అంటే మాత్రం లేచి వచ్చేసి రెండో హాలు చూడండి. హాలు తాళాలు తీసుకున్నప్పుడు గురువారం ఉదయం మీటరు ఫొటో మీ తమ్ముడినో మరిదినో తీసి పెట్టమనండి, శుక్రవారం వెళ్లేటప్పుడు ఇంకోటి. ఆ పని మీవారికి చెప్పకండి. కన్యాదానం చేసేవాళ్లకు ఆ పూట మీటరు గుర్తుండదు.